గుమ్మం మీద గీతలు

ఆ పాపని నా దగ్గరికి తీసుకొచ్చింది పొడుగని కాదు. గడ్డ అని.

ఏడేళ్ల ఎనిమిది నెలలు. రెండో క్లాసు అయిపోయి వేసవి సెలవులు. స్నానం చేయిస్తుంటే ఎడమ వైపు ఛాతీ దగ్గర చేతికి ఏదో గట్టిగా తగిలిందట వాళ్లమ్మకి. ముట్టుకుంటే నొప్పి అంటోంది. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు. మర్నాడు ఎవరో ‘చిన్న ఆపరేషన్ చేసి తీసేసి టెస్టుకి పంపిద్దాం’ అన్నారు. అదృష్టం కొద్దీ వాళ్ల నాన్న ఇంకొకరికి కూడా చూపిద్దామని గుంటూరు బస్సెక్కారు.

ముందుగా ఈ గడ్డ సంగతి చెప్పేస్తాను, మిగతాదంతా మర్చిపోయినా ఇదొక్కటి గుర్తుంటే చాలు. ఆడపిల్లల్లో ఎదుగుదల మొదలైనప్పుడు చనుమొన కింద బిళ్లలాగా, గట్టిగా, కొంచెం నొప్పిగా ఒక మొగ్గ వస్తుంది. చాలామందికి ముందు ఒక్క వైపే వస్తుంది. రెండో వైపు రావడానికి నెలలు పట్టవచ్చు. అది గడ్డ కాదు, రేపు రొమ్ముగా ఎదగాల్సిన కణజాలం అంతా అదే. దాన్ని కోసి తీసేస్తే ఆ వైపు ఇక ఎప్పటికీ రొమ్ము పెరగదు. ముక్క తీసి టెస్టుకి పంపినా దెబ్బే. అలా ఒక వైపు పోగొట్టుకున్న అమ్మాయిని చూశాను, ఆమెకి చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు. చిన్న పిల్లల్లో రొమ్ము క్యాన్సర్ అనేది అత్యంత అరుదు. కాబట్టి కత్తి మాట ఎవరన్నా ఎత్తితే ముందు పిల్లల హార్మోన్ల డాక్టర్‌కి చూపించండి.

సరే, గడ్డ కాదని చెప్పాను. తల్లి కళ్లలో నీళ్లు తిరిగాయి, సంతోషంతో. ‘అయితే ఏం లేదన్నమాట మేడమ్’ అని లేచింది. కూర్చోమన్నాను. నాకు అసలు పని అప్పుడే మొదలైంది.

పాపని గోడకి ఆనించి కొలిచాను. 129.5 సెంటీమీటర్లు. ఆ వయసు పిల్లలు మన దగ్గర సగటున 120 దాటి ఒకటి రెండు ఎక్కువ ఉంటారు. ‘మా పిల్ల క్లాసులో అందరికంటే పొడుగు మేడమ్, ప్రేయర్‌లో చివర నిలబెడతారు. మూడో క్లాసా, ఐదో క్లాసా అని అడుగుతారు అందరూ’ అన్నాడు తండ్రి. ఆ గొంతులో గర్వం ఉంది. ఎందుకుండదు? తనది 168, భార్యది 151. పిల్లకి తన పోలికే వచ్చిందని ఆయన సంబరం.

నాకు మాత్రం ఒక్క కొలత ఏమీ చెప్పదు. పిల్ల ఇవాళ ఎంత ఉందన్నది కాదు, ఏడాదికి ఎంత పెరుగుతోందన్నది కావాలి. పాత కొలతలు ఉన్నాయా అంటే స్కూల్ డైరీలో రాసినవి ఎవరికీ నమ్మకం లేదు. అప్పుడు అమ్మమ్మ అందుకుంది. ‘మా ఇంటి గుమ్మం మీద గీతలున్నాయి డాక్టరమ్మా. ప్రతి సంక్రాంతికీ తాతయ్య పెన్సిల్‌తో గీస్తాడు.’ తెనాలి దగ్గర ఊరు వాళ్లది. ఫోన్ చేసి టేపు పెట్టి కొలిపించాం. ఆయన అయిదు నిమిషాల్లో నాలుగు అంకెలు చెప్పాడు. నాలుగేళ్ల నాలుగు నెలలప్పుడు 103. మరుసటి సంక్రాంతికి 109. ఆ పై ఏడాది 116.5. మొన్న జనవరిలో 126.

ఈ అంకెల్ని ఒకసారి నింపాదిగా చూడండి. మొదటి ఏడాది పెరిగింది 6 సెంటీమీటర్లు. నాలుగేళ్లు దాటిన పిల్లలు ఏడాదికి అయిదు నుంచి ఆరు, మహా అయితే ఏడు పెరుగుతారు. అంటే మామూలే. రెండో ఏడాది ఏడున్నర. ఇక్కడే ఏదో కదిలింది. మూడో ఏడాది తొమ్మిదిన్నర. జనవరి నుంచి మే దాకా నాలుగు నెలల్లో మూడున్నర, అంటే ఏడాదికి పదిన్నర లెక్కన పరుగు. ఇది పదకొండేళ్ల పిల్ల పెరిగే తీరు. ఏడేళ్ల పిల్లకి రాకూడని పరుగు. గమనించారా, ఛాతీ దగ్గర మొగ్గ కనిపించింది ఈ వేసవిలో. గుమ్మం మీద గీత మాత్రం ఏడాదిన్నర ముందే చెప్పింది.

ఆడపిల్లల్లో ఎనిమిదేళ్ల లోపు ఛాతీ పెరగడం మొదలైనా, మగపిల్లల్లో తొమ్మిదేళ్ల లోపు వృషణాలు పెరగడం మొదలైనా తొందరపడిన యవ్వనం అంటాం. మాకు ఆ తేదీలు గీటురాళ్లు. ఇంట్లో వాళ్లకి మాత్రం ముందు కనిపించేది పొడుగే. చెప్పులు ఆరు నెలలకే బిగుతైపోవడం, యూనిఫాం ప్యాంటు చీలమండ పైకి పోవడం. దాన్ని చూసి ఎవరూ డాక్టర్ దగ్గరికి రారు. పొట్టిగా ఉందని వస్తారు, పొడుగ్గా ఉందని ఎవరొస్తారు?

ఎడమ చెయ్యి ఎక్స్‌రే తీయించాను. ఎడమదే ఎందుకంటే మేం పోల్చి చూసే బొమ్మల పుస్తకం ఎడమ చేతులతో తయారైంది. గ్రూలిక్, పైల్ అనే ఇద్దరు తయారుచేసిన అట్లాస్ అది. ఒక్కో వయసుకి మణికట్టు, వేళ్ల ఎముకలు ఎలా ఉంటాయో వరసగా ఉంటాయి. పిల్ల ఎక్స్‌రే ఏ బొమ్మకి దగ్గరగా ఉందో అదే ఎముక వయసు. ఏడున్నరేళ్ల పిల్ల ఎక్స్‌రేలో బొటనవేలి మొదట్లో ఏమీ ఉండదు, ఖాళీ. యవ్వనం దగ్గరపడ్డాకే అక్కడ మినపగింజంత చిన్న ఎముక కనిపిస్తుంది. ఈ పాపకి అది కనిపిస్తోంది. మిగతా ఎముకలన్నీ కలిపి చూస్తే వయసు పదకొండు. క్యాలెండర్‌లో ఏడేళ్ల ఎనిమిది నెలలు, ఎముకల్లో పదకొండు. మూడేళ్లు పైబడి తేడా.

ఇక్కడే తండ్రికి అర్థం కాలేదు, అర్థం కాకపోవడం సహజం. ‘ఎముక ముందుకి పోయిందంటే మంచిదే కదా మేడమ్? ఇంకా పొడుగవుతుంది కదా?’

కాదు. ఎలాగో చెప్తాను. తొడ ఎముక, కాలి ఎముక లాంటి పొడవాటి ఎముకల చివర్లలో మెత్తటి మృదులాస్థితో ఒక సన్నటి పట్టీ ఉంటుంది, గ్రోత్ ప్లేట్ అంటారు. అందులో కొత్త కణాలు పుడుతూ, వెనకవి గట్టిపడి ఎముకగా మారుతూ ఉంటాయి. ఎత్తు పెరగడమంటే ఇదే. యవ్వనం వచ్చినప్పుడు తయారయ్యే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ రెండు పనులు ఒకేసారి చేస్తుంది. శరీరంలో గ్రోత్ హార్మోన్‌ని పెంచి పిల్లని పరుగు పెట్టిస్తుంది. అదే సమయంలో ఆ పట్టీని త్వరగా వాడేసి, చివరికి పూర్తిగా ఎముకగా గట్టిపరిచి మూసేస్తుంది. మూసుకున్నాక ఇక ఎత్తు పెరగడం ఉండదు, ఏ పొడి పాలల్లో కలిపి తాగినా సరే. మగపిల్లల్లోనూ ఆ తలుపు వేసేది ఈస్ట్రోజెనే. వాళ్ల టెస్టోస్టెరాన్‌లో కొంత ఈస్ట్రోజెన్‌గా మారుతుంది.

మామూలుగా అయితే ఒక ఆడపిల్ల పదేళ్లకి ఈ పరుగు మొదలుపెడుతుంది. అప్పటికి చిన్నతనంలో ఏడాదికి అయిదారు చొప్పున నిదానంగా పెరిగి 135 దగ్గరికి వచ్చి ఉంటుంది. ఆ మెట్టు మీద నుంచి పరుగు. మన పాప ఆరేళ్లకే, 114 దగ్గర పరుగు మొదలుపెట్టింది. పరుగు దూరం ఇద్దరికీ ఇంచుమించు ఒకటే, బయల్దేరిన చోటే వేరు. మధ్యలో పోయింది నిదానంగా పెరగాల్సిన మూడు నాలుగేళ్లు. అవి తిరిగి రావు.

తాతయ్యకి ఫోన్‌లో ఇదంతా చెబుతుంటే ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. ‘ముదురు నారు నాటినట్టన్నమాట. తొందరగా ఈనేస్తది, దుబ్బు కట్టదు.’ నేను పదేళ్లుగా వెతుకుతున్న పోలిక అది.

ఇప్పుడు లెక్క. బేలీ, పినో అనే ఇద్దరు 1952లో ఒక పట్టిక వేశారు, ఇప్పటికీ వాడుతున్నాం. ఎముక వయసుని బట్టి పిల్ల తన చివరి ఎత్తులో ఎన్నో వంతు చేరిందో చెబుతుంది. వయసు కంటే ఎముకలు బాగా ముందున్న ఆడపిల్లకి పదకొండు ఎముక వయసులో 88 శాతం అయిపోయినట్టు. 129.5ని 0.88తో భాగిస్తే 147. అంటే ఇవాళ క్లాసులో అందరికంటే పొడుగైన పిల్లకి మిగిలి ఉన్నది ఇంకో పదిహేడున్నర సెంటీమీటర్లే. ఈ లెక్క అయిదు సెంటీమీటర్లు అటూ ఇటూ పోవచ్చు. ఎముకలు మరీ ముందున్న పిల్లల్లో ఉన్నదానికంటే ఎక్కువే చూపిస్తుంటుంది కూడా.

తల్లిదండ్రుల ఎత్తుని బట్టి ఎంత రావాలన్నదానికి ఇంకో లెక్క ఉంది. ఆడపిల్లకైతే తండ్రి ఎత్తులోంచి 13 తీసేసి తల్లి ఎత్తు కలిపి రెండుతో భాగించాలి. (మగపిల్లాడికైతే తల్లి ఎత్తుకి 13 కలపాలి.) 168లో 13 పోతే 155, దానికి 151 కలిపితే 306, సగం 153. ‘ఆరు సెంటీమీటర్లే కదా తేడా, వాళ్లమ్మ మాత్రం ఎంతుంది’ అన్నాడు తండ్రి. నిజానికి నేనూ ఆ క్షణంలో అదే అనుకుంటున్నాను. తల్లి నెమ్మదిగా అంది.

‘నేనూ అంతే మేడమ్. నాలుగో క్లాసులో నన్ను చివరి బెంచీలో కూర్చోబెట్టేవాళ్లు, ముందు కూర్చుంటే వెనకాల వాళ్లకి బోర్డు కనపడేది కాదు. ఆ ఏడాదే పెద్దమనిషినయ్యాను. తర్వాత అందరూ నన్ను దాటేశారు. మా అక్క ఏడో క్లాసు దాకా అవ్వలేదు. తనది 158.’

అమ్మమ్మ తల ఊపింది. ‘అవును, దీనికి ఓణీలు ముందిచ్చి పెద్దదానికి తర్వాత ఇచ్చాం. ఊరంతా నవ్వారు.’

ఈ ఒక్క మాటతో లెక్క మారిపోయింది. మనం కలుపుతున్న 151 తల్లికి రావాల్సిన ఎత్తు కాదేమో, తగ్గిపోయాక మిగిలిన ఎత్తేమో. తొందరపడిన యవ్వనం కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా నడుస్తుంది. అలాంటప్పుడు ‘వాళ్లమ్మ పోలిక’ అని సరిపెట్టుకోవడమంటే ఒక తరం నష్టాన్ని రెండో తరానికి కొలబద్దగా పెట్టడమే. అందుకే నేను ఎత్తుతో పాటు తల్లి ఎప్పుడు పెద్దమనిషి అయిందో, తండ్రికి మీసాలు ఏ క్లాసులో వచ్చాయో కూడా అడుగుతాను. రెండోదానికి సాధారణంగా ఎవరికీ జవాబు గుర్తుండదు.

తర్వాత తెలుసుకోవాల్సింది, ఈ తొందర ఎక్కడి నుంచి వచ్చిందని. మెదడులో హైపోథాలమస్ అనే చోటు నుంచి గంటా గంటన్నరకోసారి చిన్న చిన్న సంకేతాలు పిట్యూటరీ గ్రంథికి వెళ్తాయి. అది ఎల్‌హెచ్ అనే హార్మోన్ వదులుతుంది, దాంతో అండాశయాలు నిద్ర లేస్తాయి. చిన్నతనమంతా ఈ సంకేతాలు అణిగి ఉంటాయి. అవి ముందుగా మొదలైతే మెదడు నుంచి వచ్చిన తొందర. అలా కాకుండా అండాశయమో, అడ్రినల్ గ్రంథో తనంతట తను హార్మోన్ చేస్తుంటే అది వేరే జబ్బు, వేరే వైద్యం. పాపకి ఒక ఇంజెక్షన్ ఇచ్చి ఎల్‌హెచ్ కొలిచాం. 5 దాటితే మెదడు నుంచి అని అర్థం, ఈమెకి 12 వచ్చింది. స్కానింగ్‌లో గర్భాశయం పొడవు 4.1 సెంటీమీటర్లు. యవ్వనం మొదలవని పిల్లల్లో మూడున్నర లోపే ఉంటుంది. థైరాయిడ్ మామూలుగానే ఉంది.

ఆరేళ్లు దాటిన ఆడపిల్లల్లో చాలావరకు మెదడులో ఏ జబ్బూ దొరకదు, గడియారం ముందు మోగిందంతే. తల్లికీ అలాగే జరిగింది కాబట్టి ఎంఆర్ఐ ముందుగా అవసరం లేదనుకున్నాం. తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం లాంటివి ఏమున్నా తీసి తీరాల్సిందే. ఆరేళ్ల లోపు ఆడపిల్లలకీ, ఏ వయసైనా మగపిల్లలకీ మాత్రం తీయించకుండా ఊరుకోం.

మగపిల్లల మాట వచ్చింది కాబట్టి ఒక్క పక్క సంగతి. వాళ్లని మరీ ఆలస్యంగా తెస్తారు. ఏడేళ్లవాడు ఒక్కసారిగా పొడుగై, కండ పట్టి, ముఖాన మొటిమలు, చెమట వాసన వస్తే ఇంట్లో ‘వస్తాదులా ఉన్నాడు’ అని మురిసిపోతారు. మేం చేసే మొదటి పరీక్ష చాలా చిన్నది. పూసల దండలాంటి కొలతతో వృషణాల సైజు చూస్తాం. అవి 4 మిల్లీలీటర్లు, ఆపైన పెరిగి ఉంటే సాధారణంగా ఆదేశం మెదడు నుంచి వస్తోందని. అంగం పెరిగి, వెంట్రుకలు వచ్చి, వృషణాలు మాత్రం పసిపిల్లాడివిలా చిన్నవిగానే ఉంటే ముందుగా అడ్రినల్ గ్రంథిని అనుమానిస్తాం. పుట్టుకతో వచ్చే ఒక అడ్రినల్ లోపంలో ఇలాగే జరుగుతుంది, హైడ్రోకార్టిసోన్ మాత్రలతో అదుపులో పెట్టవచ్చు. వైద్యం లేని రోజుల్లో తొందరపడిన యవ్వనం వచ్చిన మగవాళ్లు సగటున 155 దాటి ఆగిపోయేవాళ్లు, ఆడవాళ్లు 150 దాటి.

థైరాయిడ్ ఎందుకు చూశామంటే దానికీ కారణం ఉంది. తొందరపడిన యవ్వనంలో పిల్ల పొడుగవ్వాలి. ఛాతీ పెరుగుతూ, బ్లీడింగ్ కూడా అయి, ఎత్తు మాత్రం ఆగిపోయి, ఎముక వయసు వెనకబడి ఉందంటే అది తీవ్రమైన థైరాయిడ్ లోపం కావచ్చు. థైరాయిడ్ మాత్ర మొదలుపెడితే అదంతా వెనక్కి మళ్లుతుంది. అందుకే ఇందులో కూడా ఎత్తు గీతే దారి చూపిస్తుంది.

మళ్లీ పాప దగ్గరికి వద్దాం. వైద్యం ఒక ఇంజెక్షన్. ల్యూప్రోలైడ్, ట్రిప్టోరెలిన్ అని పేర్లు. నెలకోసారో, మూడు నెలలకోసారో ఇచ్చే రకాలు దొరుకుతాయి. విచిత్రమేమిటంటే ఆ మందు మెదడు పంపే సంకేతం లాంటిదే. కాలింగ్ బెల్ అప్పుడప్పుడు మోగితే ఎవరో ఒకరు వచ్చి తలుపు తీస్తారు. అదే బెల్ ఇరుక్కుపోయి రోజంతా మోగుతుంటే? కాసేపు కంగారు పడి, తర్వాత ఎవరూ లేవరు. పిట్యూటరీ కూడా అంతే. ఎడతెగని సంకేతానికి చెవులు మూసుకుంటుంది, ఎల్‌హెచ్ పడిపోతుంది, యవ్వనం ఉన్నచోట ఆగుతుంది.

ఇక్కడ నిజం చెప్పాలి. ఈ ఇంజెక్షన్ పోయిన ఎత్తుని తెచ్చివ్వదు, మిగిలినదాన్ని కాపాడుతుందంతే. ఆరేళ్ల లోపు మొదలైన పిల్లల్లో లాభం బాగా ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది మధ్య ఒక్కొక్కరికి ఒక్కోలా. ఎనిమిది దాటాక మొదలైతే ఎత్తు కోసం ఇవ్వడంలో పెద్ద అర్థం లేదు. తొమ్మిదిన్నరేళ్ల పిల్లని తీసుకొచ్చి ‘పీరియడ్స్ ఆపండి, ఎత్తు పెంచండి’ అని అడిగేవాళ్లు వారానికి ఇద్దరు. చాలామందిని ఉత్త చేతులతోనే పంపుతాను. రెండేళ్ల లోపు పసిపిల్లలకి ఛాతీ కొంచెం ఉబ్బి, పెరుగుదల గీత మామూలుగా, ఎక్స్‌రే వయసుకి తగ్గట్టుగా ఉంటే దానికీ ఏ మందూ అక్కర్లేదు, చూస్తూ ఉంటే చాలు.

మా పాప మధ్య రకం. ఎముకలు జోరుగా ముందుకి పోతున్నాయి, మరో ఏడాదో ఏడాదిన్నరకో, మూడో నాలుగో క్లాసులో పీరియడ్స్ వచ్చేస్తాయి. తల్లే తేల్చింది. ‘ఎత్తు సంగతి తర్వాత మేడమ్. స్కూల్ బాత్రూంలో నేను పడ్డ అవస్థ నాకు తెలుసు. అది నాలుగో క్లాసులో పడకూడదు.’

మొదటి ఇంజెక్షన్ ఇచ్చిన రెండు వారాలకి రాత్రి పదకొండింటికి ఫోన్. రక్తపు మరకలు. ఇది ముందే చెప్పాను, అయినా భయం భయమే. బెల్ మొదట గట్టిగా మోగుతుంది కాబట్టి ఈస్ట్రోజెన్ ఒకసారి పెరిగి, ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోయినప్పుడు గర్భాశయం పొర కొంచెం రాలుతుంది. మొదటి నెలలో ఒకసారి అయితే కంగారు లేదు. రెండు మూడు ఇంజెక్షన్ల తర్వాత కూడా కనిపిస్తే, లేదా ఛాతీ పెరుగుతూనే ఉంటే మందు పట్టడం లేదనో, డోసు తప్పుతోందనో చూసుకోవాలి. ఇరవై ఎనిమిది రోజుల ఇంజెక్షన్‌ని పెళ్లిళ్లనీ, పరీక్షలనీ నలభై రోజులకి జరిపితే మధ్యలో సంకేతాలు మళ్లీ తల ఎత్తుతాయి.

రెండో భయం ఆరు నెలలకి వచ్చింది, ఈసారి తండ్రిది. ‘పెరగడం తగ్గిపోయింది మేడమ్!’ తగ్గాలి మరి. పదిన్నర లెక్కన పోతున్నది మొదటి ఏడాది 5కి వచ్చింది, 134.5 అయింది. రెండో ఏడాది నాలుగున్నర, 139. గుమ్మం మీద గీతల మధ్య దూరం దగ్గరైతే ఆయనకి కష్టంగా ఉంది. కానీ అసలు చూడాల్సింది చేతి ఎక్స్‌రే. రెండేళ్లలో ఎముకలు కదిలింది ముప్పావు ఏడాది మాత్రమే. క్యాలెండర్ వచ్చి ఎముకల్ని అందుకుంటోంది. ఈ మధ్యలో గ్రోత్ హార్మోన్ కూడా కలిపి ఇస్తారా అని అడిగారు. ఇలాంటి పిల్లలకి అది అందరికీ ఇచ్చే వైద్యం కాదు, నేను ఇవ్వలేదు.

అమ్మమ్మ పోరు వేరే. బాయిలర్ కోడి వల్లే ఇదంతా అని ఆవిడ నమ్మకం. ఆ కోళ్లు తొందరగా పెరిగేది జాతి ఎంపిక వల్ల, మేత వల్ల, హార్మోన్ సూదుల వల్ల కాదు. అధిక బరువుకి మాత్రం ఆడపిల్లల్లో తొందరగా ఎదగడంతో సంబంధం ఉంది. ఈ పాప బక్కది, కాబట్టి ఆ లెక్క కూడా ఇక్కడ కుదరదు. మీ పెరట్లో నాటు కోళ్లు తిన్న మీ అమ్మాయికి నాలుగో క్లాసులో ఎందుకైంది అంటే ఆవిడ నవ్వేసింది. కోడి మాత్రం మానేశారు.

పదేళ్ల నాలుగు నెలలకి ఇంజెక్షన్లు ఆపాం. అప్పుడు 141.5, ఎముక వయసు పన్నెండు. ఇంకా కొనసాగిస్తే ఇంకా పెరుగుతుందనుకుంటారు. ఎముక వయసు పన్నెండు, పన్నెండున్నర దాటాక పట్టుకు కూర్చోవడంలో లాభం దాదాపు ఉండదు, తోటి పిల్లలంతా ఎదుగుతుంటే ఈమె ఆగిపోవడం కూడా బాగుండదు. ఆపిన ఏడాదీ మూడు నెలలకి, పదకొండేళ్ల ఏడు నెలలకి పీరియడ్స్ వచ్చాయి. తల్లి ఫోన్ చేసి చెప్పింది, ఆరో క్లాసు, స్కూల్లో ముగ్గురు నలుగురు స్నేహితురాళ్లకి కూడా మొదలయ్యాయట. పీరియడ్స్ వచ్చాక ఆడపిల్లలు మామూలుగా ఇంకో అయిదారు సెంటీమీటర్లు పెరుగుతారు, అక్కడితో సరి.

పద్నాలుగేళ్లకి కొలిస్తే 152. అమ్మకంటే ఒక్క సెంటీమీటరు ఎక్కువ. ఆ మొదటి రోజు పట్టిక చెప్పిన 147 కంటే అయిదు ఎక్కువ. అయిదూ ఇంజెక్షన్ ఇచ్చినవేనని నేను చెప్పలేను, వైద్యం లేకుండా అదే పిల్ల ఎంత పెరిగేదో చూసే దారి లేదు కదా. ఇప్పుడు క్లాసులో మధ్య వరసలో కూర్చుంటోంది. తండ్రికి ఇంకా కొంచెం వెలితి, ఆయన కళ్లలో ఆ రెండో క్లాసు పొడుగు పిల్లే ఉంది.

ఇంట్లో కొలవాలనుకుంటే ఆ తాతయ్య పద్ధతే మంచిది. చెప్పుల్లేకుండా, జడ పైకి ముడి వేయకుండా, మడమలు గోడకి ఆనించి, చూపు ఎదురుగా, తల మీద గట్టి పుస్తకం అడ్డంగా పెట్టి గీయండి. నెలనెలా కొలవకండి, ఒక్క సెంటీమీటరు తప్పే ఏడాదికి పన్నెండుగా కనిపించి నిద్ర పోనివ్వదు. ఆరు నెలలకోసారి చాలు. నాలుగేళ్లు దాటి ఎనిమిదేళ్ల లోపు ఉన్న పాపకి ఏడాదిలో ఏడు దాటితే ఆ కాగితం పట్టుకుని రండి, మొగ్గ కనిపించే దాకా ఆగక్కర్లేదు.

వాళ్లకి రెండో కూతురుంది, ఇప్పుడు ఆరేళ్లు. మొన్న సంక్రాంతి మర్నాడు తల్లి వాట్సాప్‌లో గుమ్మం ఫోటో పంపింది. పెద్దదాని గీతలు ఎడమ వైపు, చిన్నదానివి కుడి వైపు, పక్కనే తాతయ్య వంకర అంకెలు. ఏడాదికి అయిదున్నర. జూలైలో మళ్లీ పంపమన్నాను.